వంతెన సరే, ఏ గంటకి కొట్టారు?

ఎల్‌ఎల్‌ఎం రెండో సెమిస్టర్లో హ్యుమానిటేరియన్ లా, అంటే యుద్ధంలో పాటించాల్సిన చట్టం పేపర్లో ఒక ప్రాబ్లమ్ వచ్చింది, 20 మార్కులది. నాలుగు పేజీలు రాశా, బయటికొచ్చి టీ తాగుతూ మిగతావి ఏమో గానీ ఇది మాత్రం కుమ్మేశా అని అందరికీ చెప్పుకున్నా కూడా. వచ్చినవి 8. పేపర్ చూపించమని అడిగితే మేడమ్ చూపించారు, మార్జిన్లో పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట రాసుంది, "ఏ గంటకి?" అని. నాకేం అర్థం కాలేదు. మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నువ్వు వంతెన గురించి రాశావమ్మా, దాడి గురించి రాయలేదు" అన్నారు. అప్పటికి అదేదో మాటల గారడీ అనిపించింది, ఇంటికొచ్చి రెండు రోజులు కోపంగా ఉన్నా. తర్వాత కొన్నేళ్ళుగా జూనియర్లకి ఇదే పేపర్ చెప్తూ వాళ్ళ ఆన్సర్లు చూస్తుంటే తెలిసొచ్చింది, పదిమందిలో తొమ్మిదిమంది పడేది అదే గుంటలో. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు ప్రాబ్లమ్ చెప్తా, గుర్తున్నంత వరకు. ఎ దేశానికీ బి దేశానికీ యుద్ధం నడుస్తోంది, రెండూ జెనీవా ఒప్పందాలకి జతగా వచ్చిన 1977 నాటి మొదటి అడిషనల్ ప్రోటోకాల్‌లో సభ్యులే. బి దేశంలో ఒక నది మీద రోడ్డు వంతెన ఉంది, పగలంతా బస్సులు, పాలవ్యాన్లు, కాలేజీ పిల్లలు. రాత్రి 11 నుంచి 3 దాకా మాత్రం బి సైన్యం లారీలు మందుగుండు వేసుకుని పడమటి గట్టు నుంచి తూర్పు గట్టుకి దాటుతున్నాయి, వరసగా నాలుగు రాత్రులు డ్రోన్లు చూశాయి, రాత్రికి 20 లారీల చొప్పున. తూర్పు గట్టున పెద్ద దాడికి తయారీ జరుగుతోంది, ఐదారు రోజుల్లో మొదలవ్వొచ్చని సమాచారం. ఇంకో వంతెన కావాలంటే 60 కిలోమీటర్లు ఎగువకి పోవాలి. తూర్పు గట్టు ఊళ్ళ వాళ్ళకి డయాలసిస్ దొరికే ఒకే ఆసుపత్రి పడమటి గట్టున ఉంది, ఈ సంగతి ఎ దేశం టార్గెట్ ఫైల్లోనే రాసుంది. శనివారం, సంత రోజు, పొద్దున 11:40కి ఎ దేశం విమానం గైడెడ్ బాంబు వేసింది. బాంబు తగలబోయే క్షణంలో ఒక బస్సు వంతెన ఎక్కింది, తొమ్మిదిమంది పోయారు. వంతెన ఇంకా నిలబడే ఉంది. రెండు నిమిషాలకి రెండో బాంబు, ఈసారి రెండో కొస మీద, బస్సులోంచి దిగిన జనం పరిగెడుతున్నది అటువైపే, మరో ఐదుగురు పోయారు, వంతెన కూలింది. తర్వాత మూడు వారాల్లో డయాలసిస్ అందక ఆరుగురు చనిపోయారు. ఎ దేశం చట్టం మీరిందా, చర్చించు.

ఇది గాల్లోంచి పుట్టిన ప్రాబ్లమ్ కాదని తెలిసినవాళ్ళకి ఆ 11:40 చూడగానే తెలిసిపోయి ఉంటుంది. దాని దగ్గరికి వస్తా.

నా ఆన్సర్ ఎలా మొదలైందో చెప్పాలి, ఎందుకంటే అందరిదీ అలాగే మొదలవుతుంది. "ఇది డ్యూయల్ యూజ్ ఆబ్జెక్ట్ కాబట్టి" అని. అసలు డ్యూయల్ యూజ్ అనే మాట ప్రోటోకాల్‌లో ఎక్కడా లేదు. చట్టం దగ్గర ఉన్నవి రెండే గదులు, కొట్టదగ్గ మిలిటరీ ఆబ్జెక్టివ్ లేదా కొట్టకూడని సివిలియన్ ఆబ్జెక్ట్, మధ్యలో వరండా లేదు. సైన్యమూ వాడుతుంది జనమూ వాడతారు అన్నది వాస్తవం వర్ణించడానికి పనికొచ్చే మాటే గానీ దాన్నుంచి ఏ ఫలితమూ రాదు. ఆ మాట పట్టుకుని "కాబట్టి సగం రక్షణ ఉంటుంది" అని రాసినవాళ్ళని కూడా చూశా, పాపం. సగం రక్షణ అనేది లేదు.

డిస్టింక్షన్, అంటే సైనిక లక్ష్యాల్నీ పౌరుల్నీ వేరుచేసి చూడాలన్న సూత్రం, 48వ ఆర్టికల్లో ఉంది, వస్తువుల విషయంలో దాన్ని విప్పి చెప్పేది 52(2). అందులో రెండు షరతులున్నాయి, రెండూ కలిసి ఉండాలి. ఒకటి, ఆ వస్తువు తన స్వభావం వల్లో, ఉన్న చోటు వల్లో, వాడకం వల్లో, వాడబోయే ఉద్దేశం వల్లో సైనిక చర్యకి గట్టిగా తోడ్పడుతూ ఉండాలి. రెండు, దాన్ని నాశనం చేస్తే, పట్టుకుంటే, లేదా పనికిరాకుండా చేస్తే, అప్పటి పరిస్థితుల్లో, కచ్చితమైన సైనిక లాభం రావాలి. వంతెన స్వభావంలో సైనికమైనదేం లేదు, అది ఉన్న చోటు వల్లా వాడకం వల్లా ఈ గదిలోకి వస్తుంది. నాలుగు రాత్రులు 20 లారీల చొప్పున మందుగుండు దాటుతోంది, ఇంకో దారి 60 కిలోమీటర్ల ఎగువన ఉంది, అంటే అటు వెళ్ళి ఇటు తిరిగి రావాలంటే దగ్గర దగ్గర 120, దాడికి ఐదారు రోజులే ఉంది. మొదటి షరతు తీరింది, రెండోదీ తీరింది. ఇక్కడ పేజీన్నర రాయాల్సిన పనేం లేదు, ఒక పేరా చాలు.

కానీ ఆ "అప్పటి పరిస్థితుల్లో" అన్న ముక్క దగ్గర ఆగాలి. వంతెన పుట్టుకతో మిలిటరీ ఆబ్జెక్టివ్ కాదు, చచ్చేదాకా సివిలియన్ ఆబ్జెక్టూ కాదు. సైన్యం తూర్పు గట్టు వదిలేసి వెళ్ళిపోయిందనుకోండి, లారీలు ఆగిపోయాయి, మళ్ళీ వచ్చే సూచన లేదు, అదే వంతెన ఆ మర్నాటి నుంచి సివిలియన్ ఆబ్జెక్ట్. 1956లో రెడ్‌క్రాస్ ఒక ముసాయిదా తయారుచేసింది, దానికి జతగా ఒక జాబితా పెట్టారు, ఇవి ఇవి సైనిక లక్ష్యాలు అని, అందులో ముఖ్యమైన రైలు మార్గాలు, రోడ్లు, వంతెనలు కూడా ఉన్నాయి. ఆ ముసాయిదా ఒప్పందం కాలేదు. 1977లో జాబితా పద్ధతి కాకుండా ఈ రెండు షరతుల పరీక్ష తీసుకున్నారు. ఇది తెలిస్తే "వంతెనలు సాధారణంగా మిలిటరీ ఆబ్జెక్టివ్‌లే" అని రాయడానికి చెయ్యి ఆడదు. ఇంకో చిన్న సంగతి, అనుమానం ఉంటే సివిలియన్ అనే అనుకోవాలి అని 52(3) చెప్తుంది కదా, అక్కడ ఉదాహరణలుగా గుడి, ఇల్లు, బడి లాంటివి చెప్పారు, మామూలుగా పౌర అవసరాలకే వాడే వస్తువులు అని. వంతెన ఆ వరసలో లేదు. చాలామంది 52(3) వంతెనకి తగిలించేసి ఎగ్జామినర్ చేతిలో దొరికిపోతారు.

సరే, ఇక్కడి దాకా నేను కూడా బానే రాశా. తర్వాత ఏం రాశానంటే, వంతెన మిలిటరీ ఆబ్జెక్టివ్, కాబట్టి దాడి సబబే, ప్రపోర్షనాలిటీ, అంటే లాభంతో పోలిస్తే పౌర నష్టం మితిమీరిందా అని చూస్తే, 20 మంది చనిపోయారు, అటువైపు రాత్రికి 20 లారీల మందుగుండు ఆగింది, కాబట్టి ఎక్కువ కాదు. అయిపోయింది. శవాలు లెక్కపెట్టి లారీలతో తూచేశా. అచ్చం కొట్టు దగ్గర కాటా వేసినట్టు.

ఇప్పుడు 11:40 సంగతి. 1999 ఏప్రిల్ 12న, సెర్బియాలో, గ్రదెలిత్సా లోయలో, యూజ్నా మొరావా నది మీద రైలు వంతెన. కొసొవో విషయంలో నేటో యుగోస్లావియా మీద బాంబులేస్తున్న రోజులు. కొసొవోలోని సెర్బ్ బలగాలకి సరఫరా వెళ్ళే దారి అని ఆ వంతెనని ఎంచుకున్నారు. పొద్దున 11:40 ప్రాంతంలో విమానం దూరం నుంచి గైడెడ్ బాంబు వదిలింది. బెల్‌గ్రేడ్ నుంచి మాసిడోనియా సరిహద్దులోని రిస్తొవాత్స్‌కి వెళ్ళే ఐదు బోగీల ప్యాసింజర్ రైలు సరిగ్గా అప్పుడే వంతెన మీదికొచ్చింది. బాంబుని నడిపిస్తున్న మనిషి చివరి క్షణంలో స్క్రీన్ మీద ఏదో కదలిక చూశాడు, అప్పటికి బాంబుని పక్కకి తిప్పే అవకాశం దాటిపోయింది. బాంబు రైలుకే తగిలింది. వంతెన మాత్రం కూలలేదు. దాంతో అతను రైలు వచ్చిన వైపు కాకుండా అవతలి కొసని గురిపెట్టి రెండో బాంబు వదిలాడు. మొదటి దెబ్బకి రైలు ముందుకి జారిపోయి ఉంది, రెండో బాంబు కూడా రైలుకి తగిలింది. కనీసం 10 మంది చనిపోయారు, 15 మందికి పైనే గాయపడ్డారు.

నేటో కమాండర్ వెస్లీ క్లార్క్ ప్రెస్ ముందు కాక్‌పిట్ వీడియో చూపించి, చూడండి రైలు ఎంత హఠాత్తుగా వచ్చిందో అన్నాడు. తర్వాత తేలిందేంటంటే ఆ వీడియో అసలు వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో నడిచింది. ఎంత ఎక్కువ అన్నదాని మీద గొడవ జరిగింది, ఒక జర్మన్ ఆయన లెక్కలేసి మరీ పంపాడు. హేగ్‌లోని యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ప్రాసిక్యూటర్ కోసం ఒక కమిటీ నేటో దాడులన్నీ పరిశీలించి 2000లో రిపోర్టు ఇచ్చింది. వాళ్ళేమన్నారంటే ఆ జర్మన్ ఆయన లెక్క ఒప్పుకున్నా సరే, బాంబు నడిపే మనిషికి ఉన్న టైము బహుశా ఏడెనిమిది సెకన్ల లోపే.

నాకు అసలు సంగతి ఆ రిపోర్టులోనే దొరికింది. వంతెన న్యాయమైన మిలిటరీ ఆబ్జెక్టివ్ అన్నారు, అందరూ ఒప్పుకున్నారు. రైలుని కావాలని కొట్టలేదు అన్నారు. ఆ తర్వాత బాంబుని బాంబుగా విడదీశారు. మొదటి బాంబు విషయంలో విచారణ మొదలుపెట్టడానికి సరిపడా ఆధారం లేదన్నారు. రెండో బాంబు దగ్గరికొచ్చేసరికి కమిటీ రెండుగా చీలింది, ఆ మనిషి నిర్లక్ష్యంగా తెగించాడా లేదా అన్నదాని మీద వాళ్ళకే ఏకాభిప్రాయం రాలేదు. వంతెన పొడవు 50 మీటర్లని అంచనా, అంత చిన్న వంతెన మీద రైలు ఉందని అప్పటికి తెలుసు, అవతలి కొస అంటే ఎంత దూరం మరి. అయినా విచారణ అక్కర్లేదని చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆ ఆఖరి ముక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తమలో తామే చీలిపోయిన విషయంలో విచారణ అనవసరం అనడం ఏంటి, విచారణ ఉండేదే అలాంటివాటికి కదా.

అది పక్కన పెట్టండి, మేడమ్ చెప్పింది అప్పుడు అర్థమైంది. 52(2) అడిగేది వస్తువు గురించి. ప్రపోర్షనాలిటీ చెప్పే 51(5)(బి), జాగ్రత్తలు చెప్పే 57 అడిగేవి దాడి గురించి. వంతెన ఒకటే, దాడులు రెండు. మొదటి బాంబుకి ఒక తూకం, రెండోదానికి ఇంకో తూకం, ఎందుకంటే ఆ మధ్యలో తెలిసిన విషయం మారిపోయింది. మొదటి బాంబు వదిలేటప్పుడు "వంతెన ఖాళీగా ఉంది" అనుకోవడానికి ఆస్కారం ఉంది. రెండోది వదిలేటప్పుడు లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అదీ చెప్పాలి. సైనిక లాభాన్ని బాంబు బాంబుకీ కాదు, దాడి మొత్తానికి కలిపి చూడాలి అని చాలా దేశాల వాదన, బ్రిటన్ లాంటివి ప్రోటోకాల్‌లో చేరేటప్పుడే ఆ మాట రాసి మరీ చేరాయి. ఒప్పుకుందాం. లాభాన్ని మొత్తంగా చూడు, తప్పులేదు, వంతెన కూలితేనే లాభం కాబట్టి ఒక్క బాంబుకి విడిగా లాభం అంటూ లేకపోవచ్చు. కానీ 57(2)(బి) ఏమంటుంది, నష్టం మితిమీరుతుందని తెలిసిన క్షణంలో దాడిని రద్దు చెయ్యాలి లేదా ఆపాలి అంటుంది. ఆపడం అంటే మధ్యలో ఆపడమే కదా. మొత్తంగానే చూడాలంటే ఆ క్లాజుకి పనే ఉండదు.

ఇక తూకం సంగతి. ప్రపోర్షనాలిటీలో ఒక పళ్ళెంలో పెట్టేది దాడితో పాటు జరిగే పౌర నష్టం, ఇంకో పళ్ళెంలో నికరమైన, నేరుగా వచ్చే సైనిక లాభం, మొదటిది రెండోదానికి మించిపోకూడదు. రెండు పక్కలా ఉన్నది "ఊహించిన" నష్టం, "ఆశించిన" లాభం. జరిగిన నష్టం కాదు. నా ఆన్సర్లో 20 శవాలు లెక్కపెట్టడం అందుకే తప్పు. ట్రిబ్యునల్ 2003లో గాలిచ్ కేసులో ఒక కొలత ఇచ్చింది, ఆ దాడి చేసినవాడి స్థానంలో, తనకి అందుబాటులో ఉన్న సమాచారాన్ని సరిగ్గా వాడుకునే, విషయం తెలిసిన ఒక సగటు బుద్ధిమంతుడు ఉంటే మితిమీరిన ప్రాణనష్టం ఊహించగలిగేవాడా అని. కాబట్టి ప్రశ్న ఎంతమంది పోయారు అని కాదు, శనివారం సంత రోజు పొద్దున 11:40కి, పగలంతా బస్సులు తిరిగే వంతెన మీద ఎంతమంది ఉంటారని ఊహించాలి అని. ఒక్కరూ చనిపోకపోయినా దాడి చట్టవిరుద్ధం కావొచ్చు, చాలామంది పోయినా కాకపోవచ్చు. పిల్లలకి ఇది చెప్తే మొహాలు అదోలా పెడతారు, అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ రూల్ అది.

ఈ తూకానికి గుండ్లు లేవు, అదీ నిజమే. ఆ కమిటీ రిపోర్టే చెప్పింది, మానవ హక్కుల లాయరూ, అనుభవమున్న యుద్ధ కమాండరూ ఒకే విలువలు కడతారని అనుకోలేం అని. అందుకే నేను ఇప్పుడు జూనియర్లకి చెప్పేదేంటంటే, ప్రపోర్షనాలిటీ దగ్గర పోట్లాడుతూ కూర్చోకండి, అంతకంటే ముందు తేలిపోయే ప్రశ్న ఒకటుంది, మార్కులు దాచిపెట్టింది అక్కడ.

ప్రికాషన్స్. 57వ ఆర్టికల్. అందరికీ డిస్టింక్షన్, ప్రపోర్షనాలిటీ అని రెండే కనిపిస్తాయి కాబట్టి దీన్ని ఎవరూ ముట్టుకోరు, నేనూ ముట్టుకోలేదు. 57(2)(ఎ)(ii) ఏమంటుందంటే దాడి చేసే సాధనాల్లో, పద్ధతిలో పౌర నష్టం తప్పేలా, కనీసం తగ్గేలా, సాధ్యమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. సాధ్యమైన అంటే ఆ పరిస్థితుల్లో, సైనిక అవసరాలతో సహా, ఆచరణలో కుదిరేది. ఇది తూకం కాదు, లాభం ఎంత గొప్పదైనా ఈ బాధ్యత ఉంటుంది. ఇప్పుడు ప్రాబ్లమ్‌లోకి వెళ్ళండి. లారీలు తిరిగేది రాత్రి 11 నుంచి 3. బస్సులు తిరిగేది పగలు. వంతెన ఎక్కడికీ నడిచిపోదు, రాత్రి కూడా అక్కడే ఉంటుంది. పైగా రాత్రి కొడితే లారీలు కూడా దొరుకుతాయి. పగలు, అదీ సంత రోజు, ఎందుకు కొట్టారు? ఆ "ఏ గంటకి?" ఇదన్నమాట.

ఇది క్లాస్‌రూమ్ తెలివితేటలు అనుకుంటారేమో, యుద్ధంలో ఇవన్నీ కుదురుతాయా అని. అదే యుద్ధంలో మే 30న, ఆదివారం, పండగ కూడా, సెర్బియాలోనే వర్వారిన్ అనే చిన్న ఊళ్ళో వంతెనని మధ్యాహ్నం పూట కొట్టారు, ఊళ్ళో సంత జరుగుతోంది. కొన్ని నిమిషాలకే రెండో దెబ్బ, మొదటిదాంట్లో పడిపోయినవాళ్ళని తీయడానికి వచ్చినవాళ్ళు అందులో పోయారు, మొత్తం 10 మంది. ఆ కుటుంబాలు జర్మనీ కోర్టుల్లో నష్టపరిహారం కోసం 2013 దాకా తిరిగాయి, రాజ్యాంగ కోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాయి. ఇలాంటి దాడుల తర్వాత వచ్చిన ఆదేశాల గురించి నేటో ఎయిర్ కమాండర్ మైఖేల్ షార్ట్ యుద్ధం అయ్యాక స్వయంగా చెప్పాడు, పగటిపూట వంతెనలు కొట్టొద్దు, వారాంతాల్లో వద్దు, సంత రోజుల్లో వద్దు, పండగలకి వద్దు, కొడితే రాత్రి 10 నుంచి పొద్దున 4 లోపే అని. ఆయన దాన్ని గొప్పగా చెప్పలేదు, విసుగ్గానే చెప్పాడు, చేతులు కట్టేశారు అన్న ధోరణిలో. కానీ నాలాంటి లాయర్‌కి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది. జాగ్రత్త సాధ్యమే అని చెప్పింది విమానాలు నడిపించినవాళ్ళే.

ఎ దేశం తరఫున వాదించమంటే నేనేం వాదిస్తానో కూడా చెప్తా, ఎగ్జామినర్‌కి అది కావాలి. రాత్రి మేఘాలున్నాయి, బి దేశం ఎయిర్ డిఫెన్స్ రాత్రి పూట దగ్గరికి జరుపుతోంది, పైలట్ల ప్రాణాలకి ముప్పు, ఇలాంటివి ఫ్యాక్ట్స్‌లో ఉంటే వాదన నిలబడుతుంది. లేదా ఒక ట్యాంకుల వరస పట్టపగలే వంతెనకి అరగంట దూరంలో ఉందనుకోండి, లెక్క మొత్తం మారిపోతుంది, అప్పుడు రాత్రి దాకా ఆగమనడం కుదరదు. కానీ మన ప్రాబ్లమ్‌లో అలాంటివేం లేవు. ఐదారు రోజుల గడువుంది, అంటే చేతిలో కనీసం నాలుగు రాత్రులున్నాయి. కాబట్టి మొదటి బాంబుకే, బస్సు రాకపోయి ఉన్నా సరే, 57 మీరినట్టే అని నా వాదన. తూకం దాకా పోనక్కర్లేదు.

ఇక మిగిలింది డయాలసిస్. ఇది అన్నిటికంటే కష్టం, నా ఆన్సర్లో వాళ్ళని కూడా బస్సు వాళ్ళతో కలిపి 20 అని కూడేశా. అలా కూడకూడదు, తీసెయ్యకూడదు కూడా.

ఒక వాదన ఉంది. వంతెన ఒకసారి మిలిటరీ ఆబ్జెక్టివ్ అయిందంటే మొత్తం వంతెనా అదే, దాని నష్టం "సివిలియన్ ఆబ్జెక్ట్‌కి నష్టం" కాదు, కాబట్టి జనానికి వంతెన లేకుండా పోవడం తూకంలోకి రాదు. ఇందులో సగం నిజం. కాంక్రీటు పోయినందుకు లెక్క లేదు. అసౌకర్యానికీ లెక్క లేదు. మాది కొవ్వూరు, రాజమండ్రి రోడ్ కమ్ రైలు వంతెన రిపేర్లకి మూస్తే గామన్ వంతెన మీంచి చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్ళే బాధ నాకు తెలుసు, ఆ బాధ ఎంత పెద్దదైనా 51(5)(బి)లో దానికి చోటు లేదు. అక్కడ రాసున్నవి పౌరుల ప్రాణాలు, గాయాలు, పౌర వస్తువులకి నష్టం, అంతే. కానీ వంతెన లేక మనిషి చచ్చిపోతే? అది ప్రాణమే కదా. బాంబు పేలుడు వల్లే పోవాలని ఆ వాక్యంలో లేదు, ఊహించగలిగిన ప్రాణనష్టం అని ఉంది. ఆసుపత్రి సంగతి టార్గెట్ ఫైల్లోనే రాసుంది, అంటే ఊహించడం కాదు, తెలుసు. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు కావాలి, 120 కిలోమీటర్ల చుట్టు, యుద్ధంలో. కాబట్టి ఆ ప్రాణాలు పళ్ళెంలో పెట్టాల్సిందే, కాకపోతే ఎన్ని అన్నది ఊహించదగ్గ మేరకే, అంబులెన్స్ పడవలు పెట్టుకునే వీలుందా, బి దేశం తన వంతు చెయ్యగలిగిందా అన్నవి కూడా చూసి.

ఈ గొడవ నిజంగానే కోర్టుకెక్కింది, బోస్నియాలోని మోస్తార్ వంతెన విషయంలో. నెరెత్వా నది మీద 1566లో కట్టిన పాత వంతెన, స్తారీ మోస్త్, 1993 నవంబర్ 8న క్రొయేట్ బలగాల ట్యాంకు రోజంతా కాల్చింది, 9న నదిలో కూలిపోయింది. అదే యుగోస్లావియా ట్రిబ్యునల్‌లో ప్ర్లిచ్ కేసులో 2013లో ట్రయల్ ఛాంబర్ ఏమందంటే, బోస్నియా సైన్యం ముందు వరసకి మనుషుల్నీ సామాన్లనీ దాని మీంచే పంపేది కాబట్టి అది మిలిటరీ ఆబ్జెక్టివే, కానీ కుడి గట్టున చిక్కుకున్న ముస్లిం జనం దాదాపు పూర్తిగా ఒంటరైపోయారు, తిండీ మందులూ అందే దారి పోయింది, ఆ నష్టం సైనిక లాభానికి మించింది, కాబట్టి నేరం. నాలుగేళ్ళ తర్వాత, 2017 నవంబర్ 29న, అప్పీల్స్ ఛాంబర్ దాన్ని కొట్టేసింది. మిలిటరీ ఆబ్జెక్టివ్ అన్నాక, కూల్చడం వల్ల కచ్చితమైన సైనిక లాభం ఉందన్నాక, అది సైనిక అవసరం లేని విధ్వంసం ఎలా అవుతుంది అని. జడ్జి పొకార్ ఒప్పుకోలేదు, విడిగా రాశారు.

అప్పీల్ తీర్పుని చాలామంది ఆన్సర్లో "కాబట్టి మిలిటరీ ఆబ్జెక్టివ్ అయితే ప్రపోర్షనాలిటీ అక్కర్లేదు" అని వాడతారు. అంత దూరం లాగకూడదు. అక్కడ ఛార్జి అసమానమైన దాడి అని కాదు, సైనిక అవసరం లేకుండా విచక్షణారహితంగా ధ్వంసం చేశారన్నది, ఆ నేరానికి కావాల్సిన ముక్కలు వేరు. అయినా నా మటుకు నాకు ట్రయల్ ఛాంబర్ అడిగిన ప్రశ్నే సరైనదనిపిస్తుంది, ఆ ప్రశ్నని సరైన పెట్టెలో పెట్టలేకపోయారు, అంతే. అవతలి గట్టున మనుషులున్నారు అని తూకంలో రాయకపోతే వంతెనల విషయంలో ప్రపోర్షనాలిటీకి మిగిలేది ఆ నిమిషంలో దాని మీద ఎవరున్నారన్న లెక్క మాత్రమే.

సరే, ఇప్పుడు అదే ప్రాబ్లమ్ వస్తే ఎలా రాస్తానంటే, ముందు ఏ చట్టం వర్తిస్తుందో రెండు లైన్లు, ఇద్దరూ ప్రోటోకాల్ సభ్యులే కాబట్టి తేలిక. ఎ స్థానంలో ఇండియానో అమెరికానో పెట్టి అడిగితే జాగ్రత్త, ఇద్దరూ ఆ ప్రోటోకాల్‌లో లేరు, అప్పుడు కస్టమరీ రూల్స్, అంటే దేశాల ఆచరణ నుంచి పుట్టిన నియమాల మీద నడవాలి, ఈ సూత్రాలు అక్కడా ఉన్నాయి గానీ ఆర్టికల్ నంబర్లు నేరుగా తగిలించకూడదు. తర్వాత వంతెనకి ఒక పేరా, మిలిటరీ ఆబ్జెక్టివే. తర్వాత టైము గురించి రెండు పేజీలు, మొదటి బాంబు 57(2)(ఎ)(ii) దగ్గరే పడిపోతుంది. రెండో బాంబు దగ్గర 57(2)(బి), పైలట్‌కి రెండు నిమిషాలున్నాయి, ఏడు సెకన్లు కాదు, జనం దిగి ఏ వైపు పరిగెడుతున్నారో కనిపిస్తోంది, రాత్రి దాకా ఆగితే పోయేదేం లేదు, ఎందుకంటే లారీలు వచ్చేదే 11కి. ఇక్కడ తూకం కూడా ఎ దేశానికి ఎదురే తిరుగుతుంది, ఆ రెండో బాంబు వల్ల అదనంగా వచ్చిన లాభం పదకొండు గంటల తొందర, అంతే. తర్వాత డయాలసిస్, తూకంలోకి వస్తుంది కానీ అది ఒక్కటే అయితే దాడి పడిపోదు. 20 లారీలు, ముంచుకొస్తున్న దాడి, చిన్న లాభం కాదు అది. రాత్రి కొట్టి ఉంటే, డయాలసిస్ లెక్కలోకి తీసుకున్నా, ఈ దాడి చట్టబద్ధమే అయ్యేదని నా అభిప్రాయం, ఇది రాయడానికి భయపడకండి.

చివర్లో ఒక్క పేరా, పైలట్‌ని జైల్లో వెయ్యొచ్చా అన్నదానికి. దేశం రూల్ మీరడం వేరు, మనిషి యుద్ధ నేరం చేయడం వేరు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుని పెట్టిన రోమ్ స్టాట్యూట్ 8(2)(బి)(iv)లో నష్టం "స్పష్టంగా" మించి ఉండాలి, లాభం "మొత్తంమీద" చూడాలి, పైగా అది ముందే తెలిసి చేసి ఉండాలి. ఆ అదనపు మాటలన్నీ దేశాలు కావాలని కలుపుకున్నవే. మొదటి బాంబు అక్కడిదాకా రాదు. రెండోది వస్తుందా? మేడమ్‌ని అడిగా ఈ మధ్య, రిటైరయ్యారు, ఫోన్లో. "హేగ్‌లో అంతమంది కూర్చునే తేల్చలేదు, నువ్వు 20 మార్కులకి తేలుస్తావా" అని నవ్వి, కాసేపాగి, "అయినా రాయి, ఏ వైపో ఒక వైపు రాయి, చీలిపోయామని మాత్రం రాయకు" అన్నారు. వస్తుందనే రాస్తా.